ముఖం మూసిన ఫొటో

మా గదిలో మొదటి నియమం, ఫొటోలో ఉన్న మనిషిని చూడకూడదు. పత్రికాఫీసు రెండో అంతస్తులో, మెట్ల పక్కన, ఒకప్పుడు పాత కాగితాలు పడేసే గది మాది. బల్లలు మూడున్నా పనిచేసేది ఇద్దరమే, మాస్టారూ నేనూ. ఎక్కడో తీసిన ఫొటో తెచ్చి ఇంకెక్కడో జరిగిందని చెప్పే వార్తలు ఊళ్ళ మీద పడుతుంటాయి కదా, అలాంటి ఫొటో అసలు ఏ ప్రాంతానిదో తేల్చడం మా పని. అప్పుడప్పుడు తప్పిపోయిన మనుషుల ఫొటోలు కూడా వస్తాయి.

మనిషి ముఖం కనిపిస్తే కన్ను అక్కడే అతుక్కుంటుంది, వెనకున్నది చూడదు అంటారు మాస్టారు. అందుకని ఏ ఫొటో వచ్చినా ముందు అందులోని మనుషులందరినీ తల నుంచి పాదాల దాకా బూడిదరంగుతో కప్పేస్తారాయన. ఆ తర్వాతే నాకు పంపిస్తారు. ఈ గదిలోకి వచ్చినప్పటి నుంచి నేను చూసినవన్నీ బూడిదరంగు మనుషులే. వాళ్ళ వెనక బావులూ చెరువులూ పంపులూ మాత్రం నాకు మేనత్తల ముఖాలంత బాగా గుర్తుంటాయి.

ఆ రోజు వచ్చిన ఫొటో ప్రకటనల విభాగం బాబాయ్ తెచ్చాడు. ఆయన నాకు నిజంగా బాబాయేం కాదు, ఆఫీసులో అందరికీ బాబాయే. ఎవరికే సాయం కావాలన్నా ముందుంటాడు, సగం సాయాలు తన నెత్తికే చుట్టుకుంటాయి.

“మనకి ఎప్పటి నుంచో ప్రకటనలిచ్చే పెద్దమనిషి మాస్టారూ,” అన్నాడు మాస్టారి బల్ల మీదకి ఒంగి. “వాళ్ళింటి ఆడమనిషి, మతి స్థిమితం లేదు, ఇల్లొదిలి వెళ్ళిపోయింది. పోయిన వారం ఎవరో ఈ ఫొటో నెట్‌లో పెట్టారంట. ఏ ఊరో తెలియక పాపం పిచ్చివాడిలా తిరుగుతున్నాడు.”

“పోలీసుల ద్వారా రమ్మనండి,” అన్నారు మాస్టారు.

“పోలీసులు పట్టించుకుంటే మీ దాకా ఎందుకొస్తాడు మాస్టారూ. ఒక్కసారి చూడండి, పుణ్యం ఉంటుంది.”

మాస్టారికి పుణ్యం మీద నమ్మకం లేదు కానీ బాబాయ్ మీద ఉంది. కప్పేసి నాకు పంపారు.

నిజం చెప్పాలంటే ఆ ఫొటో చూడగానే నాకు నోరూరింది. నీటి గుర్తు ఒక్కటి దొరికితేనే పండగ చేసుకుంటాం, ఇందులో ఏకంగా నాలుగున్నాయి. ముందు ఒక చేతిపంపు, దాని కింద బూడిదరంగు మనిషి. వెనక రాతిమెట్ల దిగుడుబావి, మెట్ల మీదికంటా నీళ్ళు. ఎడమ చివర ఒక నేలబావి ఒడ్డు, కుడి చివర చెరువు కట్ట.

“ఎక్కడ మొదలుపెడతావు?” అన్నారు మాస్టారు. ప్రతిసారీ అడుగుతారు, నేనింకా పరీక్ష రాస్తున్నట్టు.

“పంపు దగ్గర. పొట్టిగా, పోతపోసిన ఇనుముతో, వంకర చేతితో ఉండే రకం కాదిది. ఆ రకం నెత్తిన చెంబుడు నీళ్ళు పోసి కొడితే గాలి పీల్చి నీళ్ళు లాగుతుంది కాబట్టి ఏడెనిమిది మీటర్ల లోతు దాటితే పనిచెయ్యదు. నీళ్ళు పైపైనే ఉండే నది ఒడ్డు పల్లెల్లో అదే కనిపిస్తుంది. ఇది పొడుగ్గా ఉంది, మూడు కాళ్ళ మీద నిలబడింది, చెయ్యి నిటారుగా కడ్డీలా ఉంది. తలలో గొలుసు, గొలుసుకి రాడ్లు, బోరు అడుగున సిలిండరు. అంటే నీళ్ళు లోతున ఉన్నాయి.”

“సర్కారు ఈ పంపుల్ని అన్నిచోట్లా పంచిపెట్టింది. పంపు ఒక్కటే చూసి చెబితే బొక్కబోర్లా పడతావు.”

“అందుకే నేలబావి కూడా చూశాను. వెడల్పుగా, నలుచదరంగా ఉంది. పైన కాస్త రాతికట్టు, కింద వట్టి బండ. ఇసుక నేలైతే గోడలు కూలిపోతాయని సన్నగా తవ్వి కింది దాకా సిమెంటు వరలు దింపుతారు. ఇది గట్టి రాతినేల.”

దిగుడుబావి ఉందంటే వానాకాలానికీ వేసవికీ నీటిమట్టం బాగా మారే చోటని అర్థం, నీళ్ళు దిగుతుంటే మనుషులు కూడా మెట్టు మెట్టుగా దిగాలి. చెరువుకి కట్ట ఒక్క పక్కనే ఉంది. చదును నేలలో చెరువు తవ్వితే మట్టి నాలుగు పక్కలా పోస్తారు, ఒక పక్కనే కట్ట వేశారంటే వాలులో వాననీళ్ళకి అడ్డం కట్టారన్నమాట. కట్ట దిగువన దిగుడుబావి, చెరువు ఊట దానికి చేరేలా. ఇవన్నీ ఒక్కచోట ఉండే మెట్ట ప్రాంతం నాకు తెలుసు. ఉపగ్రహ చిత్రాల్లో కట్టల వెంబడి వెతుక్కుంటూ పోయాను. దిగుడుబావి పైనుంచి చూస్తే నేలలో సన్నని నల్లగాడిలా కనిపిస్తుంది. సాయంత్రానికి కట్ట వంపు, వెనక బండగుట్ట, పంపు చుట్టూ గుండ్రటి గచ్చు, దాని కాలువ చివర పశువుల తొట్టి, అన్నీ సరిపోయిన ఊరు దొరికింది.

మాస్టారు ఇంకోసారి సరిచూసి తలూపారు. ఆయన తలూపితే నాకు జీతం పెరిగినంత సంబరం. ఊరి పేరు, పటం కాగితం మీద వేసి బాబాయ్‌కి పంపేసి, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను. అమ్మ చూసి “ఏంటే అంత ఉషారు” అంది. “ఒక ఊరు దొరికిందిలే” అన్నాను.

మర్నాడు పొద్దున బాబాయ్ మూడు టీలు పట్టుకుని మా గదిలోకి వచ్చాడు.

“పాపం అమ్మా, ఎంత సంతోషపడ్డాడనుకున్నావు. రాత్రే ఫోన్ చేసి చెప్పాను. తెల్లారకముందే కారు తీసుకుని బయల్దేరాడంట. పెళ్ళాం అంటే ఎంత ప్రాణమో.”

“పెళ్ళామా?” అన్నాను. “వాళ్ళింటి ఆడమనిషి అన్నావుగా, నేను చెల్లెలో తల్లో అనుకున్నాను.”

“పెళ్ళామే. చూడు ఎంత లక్షణంగా ఉందో, మతి లేదంటే ఎవరైనా నమ్ముతారా?” అని ఫోను నా ముందు పెట్టాడు.

అదే పంపు, అదే దిగుడుబావి. బూడిదరంగు ఉండాల్సిన చోట మా అక్క ఉంది.

బిందె పంపు కింద పెట్టి, పక్కకి తిరిగి ఎవరితోనో నవ్వుతోంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంకరగా ఉంది, విరిగి అతికిన చెయ్యి. నా చేతిలోంచి గ్లాసు జారి టీ అంతా బల్ల మీద పారింది. కాగితాలు తడుస్తున్నాయని తెలుస్తోంది, చెయ్యి మాత్రం కదలడం లేదు. మాస్టారు ఏదో అడుగుతున్నారు, ఆయన పెదాలు కదలడం కనిపించింది గానీ మాట వినిపించలేదు.

మా బావ బోర్లు వేయిస్తాడు. లారీ మీద డ్రిల్లింగు యంత్రం, పనివాళ్ళు, ఊళ్ళన్నీ తిరగడం. అక్క పెళ్ళప్పుడు నేనింకా స్కూల్లో ఉన్నాను. పంపు తల విప్పి గొలుసు చూపించి, సిలిండరులో వాషరు ఎలా అరుగుతుందో నాకు చెప్పింది ఆయనే. “చిన్నమ్మాయ్, నీకు బుర్రుంది” అనేవాడు. బుర్రున్న నాకు అక్క చెయ్యి ఎందుకు విరిగిందో మొదటిసారి అర్థం కాలేదు. మెట్ల మీంచి పడిందన్నారు, నమ్మాను. రెండోసారి రాడ్లు బిగించే రెంచితో కొట్టాడు. ఆసుపత్రి మంచం మీంచి అక్క తిరిగి ఆ ఇంటికి పోలేదు. ఆడవాళ్ళకి ఆశ్రయమిచ్చే వాళ్ళెవరో తీసుకుపోయారు. ఎక్కడికో మాకూ చెప్పలేదు, మీకు తెలియకపోతేనే మీ అమ్మాయికి క్షేమం అన్నారు. ఎప్పుడైనా ఎవరి ఫోన్లోంచో అమ్మకి చేస్తుంది, బాగున్నానంటుంది, పెట్టేస్తుంది.

దాన్ని ఎవరూ పట్టుకోలేకపోయారు. నేను పట్టుకున్నాను. ఈల కూడా వేశాను.

“ఆయన బోర్ల ఆయనేనా?” అన్నాను చివరికి.

“అవునమ్మా, నీకు తెలుసా?” అన్నాడు బాబాయ్.

“మా బావ. ఇది మా అక్క. మతి చెడి పోలేదు, చంపుతాడని పారిపోయింది.”

బాబాయ్ ముఖంలో రక్తం చుక్క లేదు. కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చోబోయి గోడకి జారగిలబడ్డాడు. “నాకు తెలీదమ్మా, ఒట్టు, నాకు తెలీదు” అని అదే మాట అంటూ ఉండిపోయాడు. తిట్టడానికి నోరు తెరిచాను కానీ, ముందు నన్ను నేను తిట్టుకోవాలి కదా అనిపించింది.

మాస్టారు అసలు ఫొటో తన తెరమీద తెరిచి చూశారు. ఈ గదిలో ఆయన మనిషి ముఖాన్ని చూస్తుంటే నేను చూడటం అదే మొదలు.

“నేనే కప్పాను,” అన్నారు. “నేనే కప్పి నీకిచ్చాను. కప్పకపోతే నువ్వు గుర్తుపట్టేదానివి.”

అప్పుడు తట్టింది నాకు. ఈ ఉద్యోగం వచ్చిన కొత్తలో బావ ఇంకా మంచివాడిగా మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు గొప్పలు పోయింది నేనే. మేం మనిషి ముఖమే చూడం బావా, కప్పేసి వెనక బావులు చూస్తాం అని. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, “అయితే మీ అక్క ఫొటో ఇచ్చినా గుర్తుపట్టవన్నమాట” అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. అక్క కూడా నవ్వింది.

ఆయన దారితప్పి మా ఆఫీసుకి రాలేదు. రాతిని చూసి నీళ్ళెంత లోతులో ఉన్నాయో చెప్పగలడు కానీ, ఆ రాయి ఏ ఊళ్ళోదో చెప్పలేడు. అది చెప్పేదాన్ని నేనని తెలుసు, అందుకే నా చేతికే వచ్చేలా పంపాడు.

ఆ ప్రాంతం పోలీసుస్టేషను నంబరు మాస్టారు వెతికి ఇస్తే ఫోన్ చేశాను. ఎత్తిన ఆడ ఎస్సై నన్ను రెండుసార్లు అడ్డుకుని “మెల్లగా చెప్పండమ్మా” అంది. ఆయన కారు, పోలికలు, చెయ్యి విరిచిన సంగతి అన్నీ చెప్పాను. ఆ ఊరు స్టేషనుకి చాలా దూరం, జీపు వేరే పనిమీద పోయింది, వచ్చీ రాగానే పంపిస్తానంది.

“వాడి దారి మళ్ళిద్దాం,” అన్నారు మాస్టారు.

నేనర్థం చేసుకునేలోపే ఆయన టైపు చేస్తున్నారు. జీవితంలో తెలిసి ఒక్క తప్పు జవాబు ఇవ్వని మనిషి, గుర్తు చాలకపోతే తెలియదని రాసి సంతకం పెట్టే మనిషి, ఆ పొద్దున కూర్చుని అబద్ధం అల్లారు. నిన్న చెప్పిన ఊరు పొరపాటు, పంపు రకాన్ని తప్పుగా చదివాం, అది నీళ్ళు పైపైనే ఉండే చోట వాడే పంపు, కాబట్టి ఫొటో నదీ తీరపు పల్లెది, ఇదిగో పటం. కింద సంతకం కూడా పెట్టారు. బాబాయ్ దాన్ని తన ఫోన్లోంచి పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది. బాబాయ్ చదవలేక ఫోను నా చేతికిచ్చాడు.

“మా మరదలికి చెప్పండి, పంపు పాఠం నాకు నేర్పొద్దని. నేను నేర్పిందే అది.”

తెలుసు. మొదటి నుంచీ ఆయనకి అన్నీ తెలుసు. కిందనే కూర్చున్నాను. అమ్మకి ఫోన్ చేద్దామనుకున్నాను, ఏమని చెప్పాలి? నీ పెద్దకూతుర్ని నీ చిన్నకూతురు అప్పజెప్పిందని చెప్పాలా? ఎస్సైకి మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆశ్రయం వాళ్ళ నంబరు మా దగ్గర లేదు, లేకపోవడమే క్షేమం అన్నారు కదా. మాస్టారు నా పక్కన నేలమీదే కూర్చున్నారు, పంచె టీలో తడిసినా చూసుకోలేదు. కింద అచ్చుయంత్రం మొదలైతే గది గోడలు ఎప్పటిలాగే అదిరాయి.

మధ్యాహ్నం దాటాక బాబాయ్ ఫోను మోగింది. బావ ఫొటో పంపాడు.

చూడనన్నాను. ఆ పంపు దగ్గర అక్క ఎలా పడుందో చూసే ధైర్యం నాకు లేదు. మాస్టారు ఫోను తీసుకుని చాలాసేపు చూసి, “ఇందులో మనుషుల్లేరు” అన్నారు. “నువ్వు చదవాలి దీన్ని. చదువు.”

అదే పంపు, చెయ్యి లేదు. ఎండిపోయిన పంపు చెయ్యిని విప్పి ఇంకోచోట బిగించుకుంటారు. తలమూత ఊడి గొలుసు వేలాడుతోంది, నిలువెల్లా తుప్పు. నీళ్ళు పడే మూతి నిండా సాలెగూడు. గచ్చు కాలువలో మట్టి పెళ్ళలుగా పగిలి ఉంది, తొట్టిలో ఎండుటాకులు. వెనక దిగుడుబావికి మెట్లన్నీ బయటపడి ఉన్నాయి, అడుగున తడి మరక కూడా లేదు. చెరువు నేలంతా బీటలు. వెనక చిన్న భవనం, దాని తలుపుకి తాళం.

“నీళ్ళు పోయి నెలలైంది,” అన్నాను. “తుప్పు చూడండి. సాలెగూడు చూడండి. ఇక్కడ ఎవరూ బిందె పెట్టి నెలలైంది మాస్టారూ.”

మొదటి ఫొటోలో నీళ్ళు దిగుడుబావి పైమెట్ల మీదికంటా ఉన్నాయి, అది వానలు తగ్గిన వెంటనే తీసింది. పోయిన వారం ఎవరో పెట్టారని బాబాయ్ అంటే పోయిన వారం తీసిందే అనుకున్నాం. ఎక్కడ తీశారో చదివాం గానీ ఎప్పుడు తీశారో చదవలేదు. కళ్ళెదుటే నీళ్ళు ఆ మాట చెబుతుంటే నేను ఊరి కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను. ఫొటో పాతదవడమే నా అక్కని కాపాడింది, నేను చదవలేకపోయిన ఆ సంగతికి సిగ్గుపడాలో మొక్కుకోవాలో తెలియలేదు.

ఫొటో కింద బావ ఒక మాట రాశాడు. “ఇక్కడ ఎవరూ లేరు. ఇంకోటి దొరికితే పంపిస్తా, చూసి పెట్టమనండి.”

చదివి ఏడ్చాను. గట్టిగా, పై అంతస్తు వాళ్ళకి వినపడేలా ఏడ్చాను. బాబాయ్ కూడా ఏడ్చాడు. కాసేపటికి ఎస్సై ఫోన్ చేసింది. ఆ భవనంలో ఆడవాళ్ళ వసతి ఉండేదట, బోరు ఎండిపోయాక అందర్నీ వేరే చోటికి తీసుకుపోయారట. జీపు వెళ్ళేసరికి ఖాళీ పంపు దగ్గర కూర్చున్న మనిషిని స్టేషనుకి తెచ్చామంది. “ఎంతకాలం ఉంచగలమో చెప్పలేనమ్మా” అని కూడా అంది, ఉన్నమాట దాచకుండా.

మాస్టారు ఆ సాయంత్రమే కొత్త నియమం పెట్టారు. పోలీసుల ద్వారా రాని ఫొటో ముట్టకూడదు, ముందు ముఖం చూడాలి, తర్వాతే కప్పాలి. కాగితం మీద రాసి తలుపుకి అంటించారు. అంటించిన చోట చెయ్యి తీయకుండా చాలాసేపు నిలబడ్డారు.

అక్క ఫోన్ ఆదివారం వచ్చింది. అమ్మకి నేనింకా ఏమీ చెప్పలేదు. అమ్మ స్పీకరు పెట్టి వంటింట్లో కూరగాయలు తరుగుతోంది, నేను గిన్నెలు తోముతున్నాను.

“బాగున్నానే అమ్మా. చోటు మారి కొన్ని నెలలైంది,” అంది అక్క. నవ్వుతూనే ఉంది. “ఆ పాత చోట నీళ్ళకి నానా తిప్పలు పడ్డాం. ఇక్కడ ఆ బాధ లేదు, గుమ్మం ముందే…”

“చెప్పకు,” అన్నాను.

తడిచేతులతోనే ఫోను లాక్కున్నాను. అమ్మ కత్తి పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది.

“చిన్నదీ, ఏమైందే?”

“ఏం కాలేదు. నీళ్ళ సంగతి చెప్పకు. ఎక్కడున్నావో, ఏం తాగుతున్నావో, గుమ్మం ముందు ఏముందో, ఏదీ చెప్పకు. నాకసలు చెప్పకు. పంపు దగ్గరా బావి దగ్గరా ఎవర్నీ ఫొటో తియ్యనివ్వకు. విన్నావా?”

అక్క చాలాసేపు ఏమీ అనలేదు. దానికి ఏదో అర్థమైంది, ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఆ నిశ్శబ్దంలో దాని వెనక ఎవరో నీళ్ళు కొట్టడం వినిపించింది. ముందు చెంబుడు నీళ్ళు పంపు నెత్తిన పోసిన చప్పుడు. తర్వాత చేతిపిడి కిర్రు కిర్రుమంటూ గబగబా, పొట్టి పొట్టి దెబ్బలు. పక్కనే నీళ్ళు గలగలా పడ్డాయి.

ఆ పంపు ఏ రకమో నాకు తెలిసిపోయింది. నీళ్ళెంత పైన ఉన్నాయో తెలిసిపోయింది. ఎలాంటి నేలో, ఆ నేల ఏ వైపు ఉంటుందో, పటం దానంతటదే నా కళ్ళ ముందు పరుచుకుంటోంది, ఆపుదామంటే ఆగడం లేదు.

చెయ్యి చాచి కుళాయి పూర్తిగా తిప్పేశాను. ఖాళీ గిన్నెల మీద నీళ్ళు దబదబా పడ్డాయి.

“అక్కా, పెట్టెయ్యి,” అన్నాను ఆ చప్పుడులో. “బాగున్నానన్నావుగా, చాలు. పెట్టెయ్యి.”